క్యాంటీన్ ప్లేటు రేటు పెంచాలి, కానీ కంపెనీ చేజారకూడదు: జడ్చర్ల కాంట్రాక్టర్‌కు సమాధానం

ప్రశ్న: "జడ్చర్ల దగ్గర రెండు ఫార్మా కంపెనీలకు ఆరేళ్లుగా క్యాంటీన్ నడుపుతున్నాను. నా ఆదాయంలో ముప్పావు వంతు ఈ రెండింటి నుంచే వస్తుంది. నూనె, బియ్యం, గ్యాస్, జీతాలు అన్నీ పెరిగాయి, ప్లేటు రేటు మాత్రం రెండేళ్లుగా 58 రూపాయల దగ్గరే ఉంది. పది, పన్నెండు శాతం అడుగుదామంటే టెండర్ పిలుస్తారని భయంగా ఉంది. ఎట్లా అడగాలి?"

సమాధానం:

మహబూబ్‌నగర్, జడ్చర్ల, కొత్తూరు మధ్య ఫ్యాక్టరీ క్యాంటీన్లు నడుపుతూ ఇరవై ఏళ్లు దాటింది. సరిగ్గా మీ పరిస్థితిలోనే, మీ రేటు దగ్గరే, నేను ఒక కంపెనీతో కూర్చున్న అనుభవం ఉంది కాబట్టి దాన్నే లెక్కలతో సహా చెబుతాను. ఆ రోజు నేను ఉన్నదున్నట్టు అడిగి ఉంటే 13 శాతం పైన అడగవలసి వచ్చేది. చివరకు 5.6 శాతానికి ఒప్పందం కుదిరింది, నా మిగులు మాత్రం ప్లేటుకు పాత నాలుగు రూపాయలకు దాదాపు తగ్గకుండా నిలిచింది.

ముందుగా మీరు రాసిన వరుసను ఒకసారి చూసుకోండి. నూనె, బియ్యం, గ్యాస్, జీతాలు అని రాశారు. మనమందరం అదే వరుసలో తలుచుకుంటాం, ఎందుకంటే నూనె డబ్బా ధర దుకాణంలో చేతి నుంచి డబ్బు పోయినప్పుడే కనిపిస్తుంది. కానీ ప్లేటు మీద పడే భారం ఆ వరుసలో ఉండదు. నాకూ అది కాగితం మీద పెట్టేదాకా తెలియలేదు.

అప్పట్లో ఆ కంపెనీలో అన్ని షిఫ్టులూ కలిపి రోజుకు 600 భోజనాలు, నెలకు 26 రోజులు, అంటే 15,600 ప్లేట్లు అని ఒప్పందం రాసుకున్నాం. ప్లేటుకు సరుకులు 30.50, గ్యాస్ 3.15, పద్దెనిమిది మంది సిబ్బంది ఖర్చు 16.15, బండి, గిన్నెలు, లైసెన్సులు, అప్పు మీద వడ్డీ వంటి పై ఖర్చులు 4.20, మొత్తం 54 రూపాయలు. 58కి ఇస్తే నాలుగు రూపాయలు మిగిలేవి. రెండేళ్ల తరువాత ఒక్కొక్క ఖర్చునూ మళ్లీ తూకం వేశాను. పదిహేను కిలోల నూనె డబ్బా 1,800 నుంచి 2,250కి పోయింది, కిలోకు ముప్పై రూపాయల పెరుగుదల. వినడానికి ఘోరంగా ఉంటుంది. కానీ ప్లేటుకు మనం పోసే నూనె ఇరవై అయిదు గ్రాములు. అంటే పెరిగింది 75 పైసలు. గ్యాస్ సిలిండర్ 120 రూపాయలు పెరిగింది. పంతొమ్మిది కిలోల సిలిండర్ రోజుకు ఒకటి ఖర్చయ్యే వంటశాలలో ఆ 120 రూపాయలు ఆరు వందల ప్లేట్ల మీద పడితే ఒక్కో ప్లేటుకు 20 పైసలు. ప్రతి నెల ఒకటో తారీఖున సిలిండర్ ధర వార్త చదివి నేను గాబరా పడింది ఈ ఇరవై పైసల కోసమని తెలిసినప్పుడు నాకే నవ్వొచ్చింది. బియ్యం కిలోకు ఆరు రూపాయలు పెరిగింది, ప్లేటుకు 180 గ్రాముల బియ్యం లెక్కన 1.08. పప్పు, పెరుగు, మిగతా సరుకులన్నీ కలిపి మరో 90 పైసలు.

జీతాల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోయింది. మనిషికి పీఎఫ్, ఈఎస్‌ఐలతో కలిపి పడే ఖర్చు 14,000 నుంచి 16,000 అయింది. పద్దెనిమిది మందికి నెలకు 2,88,000. దీన్ని పాత 15,600 ప్లేట్లతో భాగిస్తే 18.46, అంటే పెరుగుదల 2.31. అయితే కంపెనీ గేటు లెక్క ప్రకారం ఆ ఏడాది భోజనాలు రోజుకు 600 ఉండడం లేదు, సగటున 540 దగ్గర నిలిచాయి. ఒక ప్యాకింగ్ లైన్‌ను రెండు షిఫ్టులకు కుదించారు, బస్సు సమయం మార్చడంతో కొందరు ఇంటి నుంచే డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ప్లేట్లు పది శాతం తగ్గినా వంట మాస్టర్లను పది శాతం తగ్గించలేం కదా, మూడు షిఫ్టులకూ వంట, వడ్డన, గిన్నెలు తోమడం ఉండాల్సిందే. అదే జీతాల మొత్తాన్ని 14,040 ప్లేట్లతో భాగిస్తే 20.51 వచ్చింది. అట్లాగే పై ఖర్చులు 4.20 నుంచి 4.67 అయ్యాయి. మొత్తం మీద, ధరల పెరుగుదల కాకుండా, ప్లేట్లు తగ్గినందుకే నాకు ప్లేటుకు 2.52 నష్టం వచ్చింది.

అన్నీ కూడితే 7.76. ఖర్చు 61.76, తీసుకుంటున్నది 58. ప్లేటుకు 3.76 చొప్పున నెలకు 52,790 రూపాయలు చేతి నుంచి పోతున్నాయి. ఆ పెరుగుదలలో మొదటి స్థానం ప్లేట్ల సంఖ్యది, రెండోది జీతాలది, నూనె, గ్యాస్ రెండూ కలిపినా రూపాయి దాటవు. నేను నేరుగా వెళ్లి "నూనె డబ్బా 2,250 అయింది సార్" అని మొదలుపెట్టి ఉంటే, పర్చేజ్ ఆఫీసర్ అరగంటలో నూనె లెక్క తేల్చి "మీకు 75 పైసలు పెంచుతాం" అనేవాడు. న్యాయంగా చూస్తే అతడి మాట తప్పు కాదు.

కాబట్టి మీరు ముందు చేయవలసిన పని, వరుసగా నాలుగు వారాలు మీ వంటశాలలోనే లెక్క రాసుకోవడం. ప్రతి పూటా స్టోర్ నుంచి తీసిన సరుకును కాంటా మీద తూచండి, వడ్డించిన ప్లేట్లను కూపన్ల ద్వారా గానీ కార్డు పంచింగ్ ద్వారా గానీ లెక్కించండి, రాత్రి మిగిలిన అన్నాన్ని, కూరను తూచండి. ఇక్కడే నాకు మరో సంగతి బయటపడింది. ఆర్డరు 600 అని ఉండడంతో మా మాస్టరు అలవాటు మీద 580 మందికి సరిపడా వండేవాడు, తినేది 540. నెలాఖరున చూస్తే వండినదానిలో దాదాపు ఏడు శాతం పందుల పెంపకం వాళ్ల డ్రమ్ములోకి పోయింది. రేటు పెంచమని అడగడానికి కూర్చునే ముందు ఇంటి దొంగను పట్టుకోవాలి.

ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కింద, మరొక ఫ్యాక్టరీలో, రేటు అడగడానికి మొహమాటపడి పప్పును పలుచన చేశాను. కందిపప్పు ప్లేటుకు 35 గ్రాముల నుంచి 25కు దించి, పెరుగులో నీళ్లు కలిపి, ఆకుకూరను వారానికి రెండుసార్ల నుంచి ఒకసారికి తగ్గించాను. ఎవరికీ తెలియదనుకున్నాను. మూడో వారానికి ఎంగిలి డ్రమ్ముల బరువు పెరిగింది, అంటే తిననిది పెరిగింది. అది నేను చూశాను, పట్టించుకోలేదు. నాలుగో నెలలో రాత్రి షిఫ్టు వాళ్లు ప్లేట్లు పక్కన పెట్టి తినకుండా కూర్చున్నారు. హెచ్‌ఆర్ హెడ్ కిందికి వచ్చి బగోనలోంచి గరిటెతో పప్పు తీసి పైనుంచి వదిలి, "ఇది చారా, పప్పా?" అని అడిగాడు. రెండు రూపాయలు పెంచమని అడిగి ఉంటే ఒప్పుకునేవారేమో, ఆ నెలతోనే వర్క్ ఆర్డర్ రద్దయింది. నాణ్యత తగ్గించి నష్టం పూడ్చుకునే కాంట్రాక్టర్‌ను కంపెనీ మార్చేస్తుంది, లెక్క చూపించి అడిగేవాడితో బేరమాడుతుంది. ఎంగిలి డ్రమ్ము బరువు రోజూ రాసుకునే అలవాటు నాకు అప్పటి నుంచే మొదలైంది. ఫిర్యాదు పుస్తకంలో మొదటి మాట పడే ముందే ఆ బరువు మారుతుంది.

ఇక కంపెనీ వైపు చూద్దాం. మీ రేటు పెంపును ముగ్గురు చూస్తారు, ముగ్గురూ మూడు రకాలుగా చూస్తారు. పర్చేజ్ వారికి శాతం కనిపిస్తుంది, ఎందుకంటే వారి పనితీరును దానితోనే కొలుస్తారు. ఫైనాన్స్ వారికి ఏడాది బడ్జెట్‌లో ఆ పద్దు ఎంత అన్నదే ముఖ్యం. హెచ్‌ఆర్, ప్లాంట్ హెడ్‌లకు కావలసింది భోజనం మీద గొడవ రాకపోవడం, లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు కాగితాలు సరిగ్గా ఉండడం. 250 మందికి పైబడి కార్మికులున్న ఫ్యాక్టరీకి క్యాంటీన్ తప్పనిసరి చేయడానికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 46వ సెక్షన్ వీలు కల్పించింది, కొత్త లేబర్ కోడ్‌లో ఆ సంఖ్య 100కు దిగింది. అంటే మీ సేవ వారికి ఇష్టమైతే కొనుక్కునే సరుకు కాదు. అట్లాగే, కాంట్రాక్టర్ జీతాలు ఇవ్వకపోతే ఆ బాధ్యత ప్రధాన యజమాని అయిన కంపెనీ మీద పడుతుంది, ఈ సంగతి హెచ్‌ఆర్ వారికి మనకన్నా బాగా తెలుసు. అందువల్ల నేను మొదట హెచ్‌ఆర్ హెడ్‌తో, ఆయన గదిలో, ఉత్తరం ఏదీ ఇవ్వకుండా మాట్లాడాను. లెక్క కాగితం ఒకటి చూపించి, "మీరే చెప్పండి, ఇందులో కంపెనీ వల్ల పెరిగింది ఎంత, నా వల్ల పెరిగింది ఎంత, బజారు వల్ల పెరిగింది ఎంత" అని అడిగాను.

ఈ మూడు ముక్కలు చేయడమే అసలు కిటుకు. బజారు వల్ల పెరిగిన సరుకులు, చట్టం వల్ల పెరిగిన జీతాలు కంపెనీ భరించవలసినవి. ప్లేట్లు తగ్గడం కంపెనీ నిర్ణయం వల్ల జరిగింది, కాబట్టి దానికి పరిష్కారం కూడా కంపెనీ చేతిలోనే ఉంది. వృథాగా వండడం నా తప్పు, దాన్ని నేను భరించాలి. జీతాల విషయంలో నిజాయితీగా ఇంకో గీత గీశాను. మనిషికి పెరిగిన 2,000లో కొంత కరువు భత్యం సవరణల వల్ల వచ్చింది. మిగతాది, చుట్టుపక్కల ఫార్మా కంపెనీలు ప్యాకింగ్ హెల్పర్లకు మాకంటే ఎక్కువ ఇస్తుంటే నా మనుషులు నిలవక నేను పెంచింది. రెండింటినీ విడిగా చూపించాను. దాచి ఉంటే వారి ఆడిటర్ జీతాల రిజిస్టర్ చూసిన రోజు తేలిపోయేది.

అప్పుడు 7.76లో దేన్ని రేటు పెంచకుండా తగ్గించవచ్చో ఇద్దరం చూశాం. రాత్రి షిఫ్టులో తినేది అరవై మంది, వారి కోసం ఐదుగురు పని చేస్తున్నారు. ఆ పూట రెండు కూరల బదులు ఒక కూర, ఒక వేపుడు పెట్టి, రొట్టెలను సాయంత్రం షిఫ్టు ముగిసేలోపు కాల్చి వేడి డబ్బాల్లో ఉంచితే ఇద్దరు తగ్గుతారు. నెలకు 32,000, ప్లేటుకు 2.28. అన్నం మాత్రం అప్పటికప్పుడే వండాలని నేను పట్టుబట్టాను, చల్లారిన అన్నం మీద వచ్చే గొడవ ఇంకే వంటకం మీదా రాదు. రెండోది ఇండెంట్. ఉదయం 9.30కి బయోమెట్రిక్ హాజరు లెక్కను హెచ్‌ఆర్ అసిస్టెంట్ మా మాస్టరుకు ఫోన్‌లో పంపుతాడు, పన్నెండు మందికి మించి అటూ ఇటూ కాకుండా వండుతాం. దీనివల్ల సరుకుల్లో నాలుగు శాతం, ప్లేటుకు 1.33 మిగిలింది. ఇది నిజానికి నేనే ఎప్పుడో అడగవలసింది.

మూడోది బిల్లు గడువు. వారు అరవై రోజులకు చెల్లించేవారు, నేను ఆ డబ్బుకు నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చి బియ్యం మిల్లుకు కట్టేవాణ్ని. ముప్పై రోజులకు తగ్గిస్తే ఒక నెల బిల్లు, అంటే దాదాపు 8,14,000 మీద వడ్డీ మిగులుతుంది, నెలకు 12,200, ప్లేటుకు 87 పైసలు. ఇక్కడ మీకు చట్టం కూడా తోడుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని ఎంఎస్‌ఎంఈ చట్టంలో ఉంది. దానికి తోడు ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అన్న నిబంధనను 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి తెచ్చారు. గడువు దాటి చెల్లిస్తే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపించి పన్ను తగ్గించుకునే వీలు ఉండదు, చెల్లించిన ఏడాదిలోనే వస్తుంది. ఈ మాటను బెదిరింపుగా చెప్పవద్దు. "మా రిజిస్ట్రేషన్ నంబరు బిల్లు మీద వేస్తున్నాం, మీ ఆడిటర్‌కు ఉపయోగపడుతుంది" అంటే చాలు, ఫైనాన్స్ వారికి అర్థమవుతుంది.

ఈ మూడూ కలిపి 4.48. నా ఖర్చు 61.76 నుంచి 57.28కి దిగింది. దాని మీద నాలుగు రూపాయలు కలిపితే 61.28, గుండుగుత్తగా 61.25 అడిగాను. పర్చేజ్ వారి ముందుకు వెళ్లింది ఈ 3.25 పెంపు మాత్రమే, 5.6 శాతం. అప్పటికే హెచ్‌ఆర్ సంతకం ఉంది, ఫైనాన్స్ వారు గడువు ఒప్పుకున్నారు. పర్చేజ్ ఆఫీసర్ ఆనవాయితీగా "60 చేయండి" అన్నాడు. వారానికి రెండు గుడ్ల బదులు ఒకటి పెడితే 60 అవుతుందని చెప్పి, ఆ మార్పు మీద హెచ్‌ఆర్ సంతకం తెమ్మన్నాను. ఆయన తేలేదు. బేరంలో రేటు తగ్గించవలసి వస్తే దానికి సమానంగా ప్లేటులోంచి ఏదో ఒకటి తగ్గుతుందని పేరు పెట్టి చెప్పాలి. ఊరికే తగ్గిస్తే మొదట చెప్పిన లెక్కంతా అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు.

టెండర్ పిలుస్తారన్న మీ భయం గురించి. పిలవవచ్చు, నా దగ్గరా పక్క జిల్లా నుంచి ఒకరు 55కి కొటేషన్ ఇచ్చారు. అప్పుడు ఆ కాంట్రాక్టర్ గురించి ఒక్క మాట కూడా చెడుగా అనలేదు. "ఆ 55లో ఎంత మంది సిబ్బంది, ఎంత జీతం, ఏ బియ్యం, ప్లేటుకు పప్పు ఎన్ని గ్రాములు అన్న నాలుగు సంగతులు రాయించండి" అని మాత్రమే అడిగాను. నెలకు 14,040 ప్లేట్లకు పదహారు మంది కావాలి, వారికి 16,000 చొప్పున 2,56,000, అంటే ప్లేటుకు 18.23. సరుకులు, గ్యాస్ కలిపి 35 పైన. పై ఖర్చులు కలపకుండానే 53 దాటింది. 55కి ఇవ్వాలంటే మనుషులైనా తగ్గాలి, పీఎఫ్ అయినా ఎగ్గొట్టాలి. ఈ మాటను హెచ్‌ఆర్ వారే పర్చేజ్ వారితో అన్నారు, నేను అనవలసిన అవసరం రాలేదు. మీ లెక్క నిజమైనదైతే ఎదుటివాడి రేటును మీ లెక్కే కొలుస్తుంది. ఒకవేళ ఎదుటివాడు నిజంగానే తక్కువకు చేయగలడని తేలితే, అతనికి దగ్గరలో ఇంకో పెద్ద వంటశాల ఉండి, అక్కడ వండి తెస్తున్నాడని అర్థం. అప్పుడు మీరు 58కి చేసినా నిలవలేరు. ఆ సంగతి ముందే తెలుసుకోవడం మేలు.

రేటు తెచ్చుకోవడం సగం పని. మళ్లీ రెండేళ్లకు ఇదే గోడు పడకుండా వర్క్ ఆర్డర్‌లో మూడు వాక్యాలు రాయించుకున్నాను, నిజానికి 3.25 కన్నా అవే ఎక్కువ విలువైనవి. మొదటిది ప్లేట్ల సంఖ్య గురించి. కనీసం ఇన్ని ప్లేట్లకు డబ్బు ఇవ్వాల్సిందే అంటే "తినని భోజనానికి డబ్బెందుకు" అని కంపెనీలు ఒప్పుకోవు, ఆడిట్‌లో కూడా ప్రశ్న వస్తుంది. అందుకే మెట్ల రేటు పెట్టాం. నెలకు 13,000 నుంచి 15,000 మధ్య ఉంటే 61.25, 13,000 కన్నా తగ్గితే ప్లేటుకు 2.50 అదనం, 15,000 దాటితే 1.50 తగ్గింపు. తగ్గింపు కూడా ఉండడంతో అది న్యాయంగా కనిపించింది, న్యాయమైనదే కూడా. నా స్థిర ఖర్చు 3,09,000 పైచిలుకు, అది 12,500 ప్లేట్ల మీద పడితే 14,040తో పోలిస్తే ప్లేటుకు 2.70 ఎక్కువవుతుంది, 15,500 మీద పడితే రెండు రూపాయలు తగ్గుతుంది.

రెండోది జీతాలు. తెలంగాణలో కనీస వేతనాల మీద కరువు భత్యం ఏప్రిల్ 1, అక్టోబర్ 1 తేదీల్లో ఏటా రెండుసార్లు మారుతుంది. ఆ ఉత్తర్వు వచ్చిన నెల నుంచి పెరిగిన మొత్తానికి పీఎఫ్ 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం కలిపి, పదహారు మందికి లెక్కగట్టి, 14,040తో భాగించి ప్లేటు రేటుకు కలపాలని రాశాం. మనిషికి 300 పెరిగిందనుకుంటే 5,580, ప్లేటుకు 40 పైసలు. దీని మీద నాకు మిగులు ఏమీ లేదని కూడా అందులోనే రాశాను. అది రాయకపోతే, ప్రతి ఆరు నెలలకు మీరు జీతాల పేరు మీద లాభం పెంచుకుంటున్నారన్న అనుమానం మొదలవుతుంది. నా ఇష్టంతో నేను పెంచే జీతం ఈ వాక్యంలోకి రాదు, అది ఏడాదికొకసారి బేరంలోకే వస్తుంది.

మూడోది సరుకులు. బియ్యం, వంటనూనె, కందిపప్పు, గ్యాస్ ఈ నాలుగింటికి ఒప్పందం రోజు నాటి బిల్లుల ధరలు రాసుకుని, ప్లేటులో వాటి వాటా ప్రకారం కలిపిన మొత్తం మూడు నెలలకొకసారి చూసినప్పుడు పది శాతానికి మించి మారితేనే రేటు మారాలని పెట్టాం. పెరిగినా అంతే, తగ్గినా అంతే. కూరగాయలను ఇందులో చేర్చకండి. 2023 జులైలో టమాట కిలో వంద దాటినప్పుడు కొందరు కాంట్రాక్టర్లు కంపెనీలకు ఉత్తరాలు రాశారు, సెప్టెంబర్ వచ్చేసరికి ధర పడిపోయింది, ఆ ఉత్తరం మాత్రం ఫైలులో ఉండిపోయింది. టమాట పెరిగితే చింతపండుతో చారు పెట్టడం, దేవరకద్రలో ఉల్లి బాగా వచ్చే రోజుల్లో రెండు వారాలకు సరిపడా కొనిపెట్టుకోవడం మన వంటశాల పని, దానికి కంపెనీని కదిలించకూడదు. నూనెకు మాత్రం ఈ వాక్యం అవసరం. 2024 సెప్టెంబర్ 14 నుంచి కేంద్రం ముడి వంటనూనెల మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, మళ్లీ 2025 మే 30 నుంచి దాన్ని 10కి దించింది. సుంకం తగ్గిందన్న వార్త పేపర్లో పడిన వారంలోనే పర్చేజ్ నుంచి ఫోన్ వస్తుంది. "మూడు నెలల లెక్కలో చూద్దాం, తగ్గితే తప్పకుండా తగ్గిస్తాను" అని చెప్పడానికి ఒక కాగితం ఉంటే ఆ ఫోన్ రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

బియ్యం గురించి ఒక చిన్న సంగతి, అడగలేదు గానీ చెప్పాలి. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే ఐదు శాతం జీఎస్‌టీ పడుతుంది, అందుకే మిల్లులు 26 కిలోల బస్తాలు తెచ్చాయి. క్యాంటీన్ సేవ మీద మనం ఐదు శాతం వేస్తాం గానీ కొన్న సరుకుల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. కాబట్టి 25 కిలోల బస్తా కొంటే ఆ ఐదు శాతం నేరుగా మీ జేబు నుంచే పోతుంది. మీ స్టోర్‌లో ఏ బస్తాలు ఉన్నాయో ఈ రోజే చూడండి.

ఎప్పుడు అడగాలన్నది కూడా ముఖ్యం. చాలా కంపెనీలు ఏప్రిల్ బడ్జెట్‌ను జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే తయారు చేసుకుంటాయి. జూన్‌లో న్యాయమైన పెంపు అడిగినా "ఈ ఏడాది పద్దులో లేదు" అంటారు, అది సాకు కాకుండా నిజమే కావచ్చు. నేను డిసెంబర్‌లో లెక్క రాసి, జనవరి రెండో వారంలో హెచ్‌ఆర్‌ను కలిసి, నెలాఖరుకు ఉత్తరం ఇచ్చాను, రేటు ఏప్రిల్ 1 నుంచి అమలైంది. మధ్యలోని రెండు నెలల నష్టం నేనే భరించాను, వెనకటి నుంచి ఇమ్మని అడగలేదు. ఉత్తరం ఒక పేజీకి మించలేదు. మొదటి వాక్యంలోనే, "ఏప్రిల్ 1 నుంచి ప్లేటు ధరను 58 నుంచి 61.25కు సవరించవలసిందిగా కోరుతున్నాము, మెనూలో, పరిమాణంలో ఏ మార్పూ ఉండదు, రాత్రి షిఫ్టులో మాత్రం మీ అంగీకారంతో ఒక కూర తగ్గుతుంది" అని రాశాను. ఎన్నేళ్ల అనుబంధమో, ఎంత కష్టపడుతున్నామో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఆ మాటలు చదివే మనిషికి సమాధానం చెప్పడం కష్టమవుతుంది, ఫైలు పక్కకు పోతుంది.

మీకు రెండు కంపెనీలున్నాయి కాబట్టి ఏది ముందు అన్న ప్రశ్న ఉంటుంది. పెద్దదాన్ని ముందు కదపకండి, చిన్నదానితో మొదలుపెట్టి ఒప్పందం కుదరగానే రెండు మూడు వారాల్లో పెద్దదాని దగ్గరికి వెళ్లండి. అంతకు మించి ఆలస్యం చేస్తే పోలేపల్లి వైపు హెచ్‌ఆర్ వారందరూ ఒకరికొకరు తెలిసినవారే, "అక్కడ 61, ఇక్కడ 58 అంటే మాది సరిపోతోందన్నమాట" అన్న వాదన వస్తుంది. రెండు చోట్లా ఒకే శాతం అడగవద్దు. ఒకచోట ప్లేట్లు తగ్గి ఉండవచ్చు, ఇంకోచోట పెరిగి ఉండవచ్చు, పెరిగిన చోట మీకు పెంపు అవసరమే లేకపోవచ్చు. అందుకే రేపు పొద్దున మీరు అడగవలసింది, రెండు కంపెనీల గేటు హాజరు లెక్క, గత పన్నెండు నెలలది, నెలవారీగా. అది చేతికి రాకముందు ఏ ఉత్తరమూ పంపకండి. లెక్క వచ్చాక ప్లేట్ల సంఖ్య, సిబ్బంది సంఖ్య, రోజుకు ఎన్ని సిలిండర్లు అన్న మూడు అంకెలు ఇక్కడ రాస్తే, మీ ప్లేటు అసలు ఖర్చు ఎంత ఉండాలో కూర్చుని చూద్దాం.